చీరల అమ్మకం రాయడం నేర్చుకుందాం – 3వ పాఠం: ‘ఇది డ్యామేజీనా అండీ?’

పోయిన పాఠంలో వాట్సాప్‌లో వచ్చిన ప్రశ్నలన్నీ నోట్‌బుక్కులో ఎక్కించమన్నాను. ఈసారి వాటిలో ఒక్కటే తీసుకుందాం. పొందూరు ఖాదీ అమ్మేవాళ్లకు ఇది తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న.

శ్రీకాకుళంలో నేను అమ్మకం మొదలుపెట్టిన కొత్తలో నా పేజీలో ఇలా ఉండేది:

ప్ర: నాణ్యత ఎలా ఉంటుంది?
జ: మా చీరలు నంబర్ వన్ క్వాలిటీ.

నాణ్యత ఎలా ఉంటుందని ఏ కస్టమరూ అడగలేదు. ఒకావిడ మాత్రం కొంగు ఫోటో తీసి, లావుగా ఉన్న పోగు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి పంపారు. “ఇది డ్యామేజీనా అండీ?” చీర వెనక్కి వచ్చేసింది. కొనకముందే ఆ జవాబు పేజీలో ఉండుంటే రాకపోయేది. ప్రశ్నను ఆవిడ మాటల్లోనే ఉంచి, ఇలా మార్చాను:

ప్ర: చీరలో అక్కడక్కడా దారం లావుగా ఉంది, డ్యామేజీనా?
జ: కాదండీ. ఈ నూలు మిల్లుది కాదు, చేత్తో వడికింది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, రాట్నం మీద తీసిన దారం. అందుకే పోగు ఒకచోట సన్నగా, ఒకచోట కాస్త లావుగా వస్తుంది. చీరను వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. లావు పోగు దగ్గర గుడ్డ నిండుగానే ఉంటుంది. చిల్లు, తెగిన పోగు, మరక కనిపిస్తే మాత్రం అది డ్యామేజీయే. పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో 3 రోజుల్లోపు పంపండి, చీర మార్చి ఇస్తాం.

మొదటి మాటే ‘కాదండీ’. టెన్షన్‌లో ఉన్న మనిషికి ముందు కావలసింది అదే, కారణం ఆ తర్వాత. లోపం అనుకున్నదే చేతిపనికి గుర్తని ఆ కారణం చెబుతుంది. అమ్మకం జరిగేది అక్కడే, పొగడ్త ఒక్కటీ అక్కర్లేదు. అసలు డ్యామేజీ ఏదో మనమే చెప్పడం వల్ల మిగతా మాటలూ నమ్ముతారు.

మూడు జాగ్రత్తలు. ‘లావు పోగు ఉంటే అసలైన ఖాదీయే’ అని రాయకండి, అలా కనిపించే నూలు మిల్లుల్లోనూ చేస్తారు. ఈ జవాబును చేనేత చీరలన్నిటికీ అతికించకండి కూడా. మగ్గం మీద నేసినా నూలు మిల్లుదైతే అది చేనేతే, ఖాదీ కాదు. చేప దవడ మాట కూడా ఆ చీర పత్తిని నిజంగా అలా దువ్వారని నేతవారు చెబితేనే పెట్టండి.

పేజీ మార్చాక కూడా అదే ప్రశ్న వాట్సాప్‌లో వస్తుంటే, జవాబు చీర ఫోటోకి దూరంగా ఉందన్నమాట. లావు పోగును దగ్గరగా తీసిన ఫోటో ఒకటి జవాబు పక్కనే పెట్టండి.

వచ్చే పాఠానికి: ‘ఉతికితే కుంచించుకుపోతుందా?’ అన్న ప్రశ్నకు జవాబు రాసి ఉంచండి. రాసేముందు ఒక గుడ్డముక్కను కొలిచి, ఉతికి, ఆరాక మళ్లీ కొలవండి.