టీచర్లు ట్రాన్స్‌ఫర్ అడుగుతూ డీఈఓ గారికి లెటర్ ఇచ్చే ముందు ఇవి చూస్కోండి

☐ ముందుగా, మీరు అడిగే ఊరు మీ జిల్లాలోనే ఉందా చూడండి. ఎస్‌జీటీ, స్కూల్ అసిస్టెంట్ జిల్లా కేడర్ పోస్టులు కాబట్టి వేరే జిల్లాకి పంపడం డీఈఓ గారి చేతిలో ఉండదు, దానికి పైనుంచి ఆర్డర్ రావాలి.

☐ లెటర్ నేరుగా పట్టుకెళ్ళొద్దు. ప్రైమరీ అయితే ఎంఈఓ గారి ద్వారా, హైస్కూల్ అయితే హెచ్‌ఎం గారి ద్వారా పంపాలి, ఫార్వర్డ్ చేసిన సంతకం, తేదీ ఉన్న కాపీ ఒకటి మన దగ్గర ఉంచుకోవాలి.

☐ కారణం ఒక్కటే, కాగితంతో సహా. ఉదాహరణకి అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్ అనుకోండి, "ఇంట్లో ఇబ్బందులు" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, అదే ఏ హాస్పిటల్, ఏ రోజులు, స్కూల్ నుంచి ఎన్ని కిలోమీటర్లు, తీసుకెళ్ళడానికి ఇంట్లో ఇంకెవరూ ఎందుకు లేరు అన్నది నాలుగు లైన్లలో రాసి డాక్టర్ సర్టిఫికెట్, డయాలసిస్ రికార్డు జెరాక్సులు, అమ్మ మీ మీద ఆధారపడి ఉన్నట్టు చూపే కాగితం జత చేస్తే ఫైల్ చూసే క్లర్క్‌కి కూడా నోట్ రాయడం తేలిక. సర్టిఫికెట్ పాతదైతే కొత్తది తీస్కోండి.

☐ పేర్లు అన్నిట్లో ఒకేలా ఉన్నాయా? సర్వీస్ రిజిస్టర్‌లో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకోటి ఉంటే అక్కడే ఆగిపోద్ది.

☐ ఖాళీ ఉన్న స్కూళ్ళు రెండుమూడు రాయండి, ఒక్కటే పట్టుబడితే కష్టం.

☐ బెదిరింపు, పక్క టీచర్‌తో పోలిక, ఎమ్మెల్యే గారి పేరు ఇవేవీ వద్దు. "దయచేసి పరిశీలించగలరని మనవి" చాలు.