గుండెపోటా, ప్యానిక్ అటాకా? ఆ అరగంటలో ఏం చేయాలి, ఒళ్లు ఎందుకలా చేస్తుంది?

మా మేనల్లుడికి 28 ఏళ్లు. కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర సెల్‌ఫోన్ రిపేరు షాపులో పనిచేస్తాడు. పోయిన ఎండాకాలం ఒక రాత్రి పదిన్నరకు షాపు మూసి, కల్లూరులో ఉన్న ఇంటికి బండి మీద వస్తుంటే గుండె ఒక్కసారి జారినట్టు అనిపించిందట. ఒక దెబ్బ తప్పిపోయి, ఆ వెంటనే ఇంకోటి గట్టిగా కొట్టినట్టు. నిద్ర చాలనప్పుడు, టీలు ఎక్కువైనప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ ఇలా అవుతుంది. వాడు ఆ రోజు ఆరు టీలు తాగాడు. పైగా మూడు వారాల కిందటే వాళ్ల వీధిలో ముప్పై ఐదేళ్ల మనిషి గుండెపోటుతో పోయాడు. ఆ చావు వాడి తలలో ఇంకా తిరుగుతూనే ఉంది.

బండి పక్కకు ఆపేసరికి దడ అందుకుంది. ఊపిరి అందలేదు. ఒళ్లంతా చెమటలు, ఎడమ రొమ్ము కింద పొడుస్తున్నట్టు నొప్పి. పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి పుట్టి, చేతివేళ్లు వాటంతటవే ముడుచుకుపోయాయి. స్నేహితుడొకడు ఇంటికి తెచ్చి దించాడు. నన్ను చూడగానే వాడన్న మొదటి మాట, "అత్తా, నేను సచ్చిపోతాండా."

నేను ఇరవై ఏళ్లకు పైగా ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని. నాడి చూస్తే నిమిషానికి 126. వేలికి తగిలించే ఆక్సిమీటర్‌లో 99. నొప్పి ఎక్కడరా అంటే ఒక్క వేలితో చూపించాడు. ఇది భయం పనేనని, ప్యానిక్ అటాక్ అంటారే అదేనని నాకు గట్టిగానే అనిపించింది. అయినా 108కి ఫోన్ చేశాం.

మొదటిసారి వస్తే ఇంట్లో తేల్చకండి

అంత నమ్మకం ఉండి ఎందుకు తీసుకెళ్లానంటే, చెమటలు, దడ, ఆయాసం, చచ్చిపోతానేమోనన్న భయం గుండెపోటులోనూ అచ్చం ఇలాగే ఉంటాయి. గుండెపోటులో గుండె కండరానికి రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డం పడుతుంది. ఆ నొప్పికీ, ఆ దెబ్బకీ ఒళ్లు అడ్రినలిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. ప్యానిక్ అటాక్‌లోనూ విడుదలయ్యేది ఆ అడ్రినలినే. కాబట్టి పైకి కనిపించే గుర్తులు సగానికి సగం ఒకటే. ఆక్సిమీటర్‌లో 99 ఉన్నంత మాత్రాన గుండెపోటు కాదనడానికి లేదు. గుండెపోటులో కూడా ఆ అంకె మామూలుగానే ఉండొచ్చు.

మొగ్గు ఎటు ఉందో చెప్పే గుర్తులు లేకపోలేదు. గుండెపోటు నొప్పి ఎక్కువమందిలో పొడుపులా ఉండదు, రొమ్ము మీద రోలు పెట్టినట్టు బరువుగా, బిగదీసినట్టు ఉంటుంది. చోటు చూపించమంటే వేలితో కాకుండా అరచేత్తో రొమ్మంతా చూపిస్తారు. ఎడమ చేతికో, రెండు చేతులకో, దవడకో, వీపుకో పాకుతుంది. మెట్లెక్కేటప్పుడు, బరువు మోసేటప్పుడు వచ్చి, కూర్చుంటే తగ్గే నొప్పి అయితే రేపటిదాకా కూడా ఆగకూడదు. ప్యానిక్ అటాక్ చాలావరకు పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, అరగంటలోపు దిగిపోతుంది. గుండెపోటు నొప్పి ఎక్కువమందిలో అలా దానంతటది సర్దుకోదు.

కానీ ఇవన్నీ మొగ్గులే, తీర్పులు కావు. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్ద వయసువాళ్లలో రొమ్ము నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. ఉత్త ఆయాసం, నీరసం, వాంతి వచ్చేట్టు ఉండటం, పై కడుపులో మంట, అంతే. మన సీమలో దాన్ని "గ్యాస్ పట్టింది" అంటారు, ఒక సోడా తాగించి పడుకోబెడతారు. నా ఉద్యోగంలో గుండెపోటు రోగులు ఆలస్యంగా రావడానికి నేను ఎక్కువగా విన్న కారణం ఆ సోడానే.

అందుకని మొదటిసారైతే 108కి ఫోన్ చేయండి. మనిషిని నడిపించకండి, బండి నడపనివ్వకండి, వీపుకు ఆనింపు ఇచ్చి కూర్చోబెట్టండి. నొప్పి బరువుగా ఉండి గుండెపోటు అనుమానం బలంగా ఉంటే, ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో పుండ్లు, రక్తస్రావం ఉన్నవాళ్లు తప్ప మిగతావాళ్లు 300 లేదా 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర నమిలి మింగవచ్చు. 108 వాళ్లను అడిగి వేయడం మేలు.

ఆసుపత్రిలో ముందు ఈసీజీ తీస్తారు. అది మామూలుగా వచ్చిందని వెంటనే లేచి రాకండి. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది, కానీ అది పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే రక్తపరీక్ష ఒకసారి చేసి, కొన్ని గంటలాగి మళ్లీ చేస్తారు. మావాడికి రెండుసార్లూ మామూలుగానే వచ్చింది. ఈసీజీలో గుండె వేగంగా కొట్టుకోవడం తప్ప ఇంకేమీ లేదు. నిజానికి మంచం ఎక్కేసరికే తిమ్మిర్లు పోయాయి.

తెల్లవారుజామున డ్యూటీలో ఉన్న డాక్టరు, "ఏం లేదు, టెన్షన్ అంతే" అని పంపించేశాడు. మాట అబద్ధం కాదు, కానీ చాలలేదు. చేతులు వంకర పోయిన మనిషికి "ఏం లేదు" అంటే ఎలా నమ్ముతాడు? పరీక్షలో దొరకని జబ్బేదో ఉందని వాడు తేల్చుకున్నాడు. నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది. అప్పుడు కూర్చోబెట్టి వాడి ఒంట్లో ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పాను.

ఒంట్లో జరిగేది ఇది

మెదడు లోపల బాదం గింజ ఆకారంలో ఒక చిన్న భాగం ఉంది, అమిగ్డలా అంటారు. ప్రమాదం కనిపెట్టడం దాని పని. చీకట్లో తాడును చూసి పామనుకుని ఎగిరి గంతేస్తాం చూడండి, అది తాడని తెలిసేలోపే కాళ్లు గాల్లో ఉంటాయి. ఆ గంతు వెనక ఉన్నది ఇదే. మావాడి విషయంలో తాడు బయట లేదు, రొమ్ములోనే ఉంది. తప్పిన ఆ ఒక్క దెబ్బను అది పామనుకుంది.

వెంటనే నరాల ద్వారా మూత్రపిండాల మీద ఉండే గ్రంథులకు కబురు వెళ్లి అడ్రినలిన్ రక్తంలోకి దిగుతుంది. పరిగెత్తడానికో, కొట్లాడటానికో ఒళ్లు సిద్ధమవుతుంది. తొడల కండరాలకు రక్తం కావాలి కాబట్టి గుండె వేగం పెరుగుతుంది, అదే దడ. చర్మానికి వెళ్లే రక్తం తగ్గుతుంది, చేతులు చల్లబడతాయి. కాసేపట్లో వేడెక్కబోయే ఒంటిని చల్లబరచడానికి ముందే చెమట పడుతుంది. పరుగుకు అరుగుదల అక్కర్లేదు గనుక పేగుల పని నెమ్మదించి కడుపులో తిప్పుతుంది.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. తిమ్మిర్లూ, వంకర్లూ మాత్రం ఊపిరి వల్ల వస్తాయి. పరుగు కోసం ఊపిరి వేగం పెరిగింది, కానీ మనిషి పరిగెత్తడం లేదు, బండి పక్కన నిలబడి ఉన్నాడు. కండరాలు పనిచేస్తే పుట్టాల్సిన కార్బన్ డయాక్సైడ్ పుట్టలేదు, ఉన్నది ఊపిరితో బయటికి పోతోంది. అది తగ్గిపోతే రక్తంలో ఆమ్లత తగ్గుతుంది. అప్పుడు మెదడుకు వెళ్లే రక్తనాళాలు కాస్త సన్నబడి తల తిరుగుతుంది, చుట్టూ ఉన్నదంతా కలలోలా అనిపిస్తుంది. రక్తంలో విడిగా తిరిగే కాల్షియంలో కొంత ప్రోటీన్లకు అతుక్కుంటుంది. దాంతో నరాలు చీటికీమాటికీ స్పందిస్తాయి. పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్లు ముడుచుకుపోవడం ఇందువల్లే. పై రొమ్ముతో ఎగపోసినట్టు గాలి పీల్చడం వల్ల పక్కటెముకల మధ్య కండరాలు అలిసి పొడుపు నొప్పి వస్తుంది.

తమాషా ఏమిటంటే ఊపిరి ఎక్కువైనప్పుడే ఊపిరి చాలనట్టు అనిపిస్తుంది. ఆక్సిజన్ 99 ఉంది, కానీ మనిషికి గాలి లేనట్టుంది. పక్కనున్నవాళ్లు "గట్టిగా ఊపిరి తీసుకో" అంటారు. వాడు ఇంకా గట్టిగా తీస్తాడు, తిమ్మిరి పెరుగుతుంది, తిమ్మిరి చూసి భయం, భయానికి మళ్లీ అడ్రినలిన్. గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది. అయితే రక్తంలో దిగిన అడ్రినలిన్ కొద్ది నిమిషాల్లోనే విరిగిపోతుంది, పైనుంచి కొత్త భయం ఎగదోయకపోతే దడ దానంతటది దిగుతుంది.

మళ్లీ వస్తే

డాక్టరు గుండె బాగుందని తేల్చాక, పాత గుర్తులతోనే వచ్చినప్పుడు మాత్రమే ఇది. ముందు గడియారం చూసి టైము గుర్తుపెట్టుకోండి. తర్వాత ఊపిరి వదలడం మీద దృష్టి పెట్టండి, తీసుకోవడం మీద కాదు. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు మామూలుగా తీసుకుని, వేడి టీ ఊదినట్టు పెదాలు సన్నగా చేసి ఆరు లెక్కపెట్టేంతసేపు వదలాలి. ఐదు నిమిషాలు అలా చేస్తే తిమ్మిరి సడలుతుంది. దడ ఇంకాసేపు ఉంటుంది, దాన్ని ఆపాలని చూడకండి. ముఖానికి కవరు పెట్టుకుని పీల్చే పాత చిట్కా వద్దు. అది గుండెపోటో, ఉబ్బసమో అయితే కవరులో ప్రాణం మీదికొస్తుంది.

ఒకసారి ప్యానిక్ అటాక్ వచ్చినవాళ్లకు గుండెపోటు రాదని ఎక్కడా లేదు. నొప్పి ఎప్పటిలా లేకపోయినా, బరువుగా ఉండి దవడకో చేతికో పాకినా, పదిహేను నిమిషాలు దాటినా తగ్గకపోయినా, మళ్లీ 108. పాత ఈసీజీ కాగితం దగ్గర ఉంచుకుంటే కొత్తదానితో పోల్చి చూడటం డాక్టరుకు సులువు.

పదే పదే వస్తుంటే, మళ్లీ వస్తుందేమోనన్న భయంతో బయటికి వెళ్లడమే మానేస్తుంటే సైకియాట్రిస్టును కలవాలి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాంటి దడే వస్తుంది కాబట్టి ముందు ఆ రక్తపరీక్ష చేయించాలి. మాత్రలు రాస్తే గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మెడికల్ షాపులో ఎవరో ఇచ్చిన, టెన్షన్ తగ్గించే ఆల్ప్రాజోలం మాత్ర మాత్రం అలవాటు చేసుకోకండి, మానడం కష్టం. పెద్దాసుపత్రి దాకా వెళ్లలేనివాళ్లు 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

మావాడికి సైకియాట్రిస్టు మందుతో పాటు ఒక పని కూడా చెప్పాడు. దడ అంటే భయం పోవాలంటే దడను నీ అంతట నువ్వే తెప్పించుకుని చూడు, మెట్లెక్కు అన్నాడు. గుండె పరీక్షలు బాగున్నాయి కాబట్టి చెప్పాడు, లేకపోతే ఆ పని చేయకూడదు. మొదటి రోజు మా అపార్టుమెంటులో మూడంతస్తులు గబగబా ఎక్కి, గోడ పట్టుకుని నిలబడి నాడి చూసుకున్నాడు. నిమిషానికి 140. ఆ రాత్రి కంటే ఎక్కువ. కాసేపు ఆయాసపడి, "ఇది ఆ దడే గదా అత్తా?" అన్నాడు. ఇంకోసారి ఎక్కడానికి కిందికి దిగాడు.