ఎగ్జిబిషన్ స్టాల్‌లో కార్డులు బోలెడు, ఆర్డర్లు మాత్రం లేవు: డ్రైయర్లు చేసేవాళ్ళ కోసం సమస్య - పరిష్కారం

తణుకు, మండపేట, తాడేపల్లిగూడెం వైపు రైస్ మిల్లులకి ధాన్యం డ్రైయర్లు తయారుచేసే చిన్న యూనిట్లు ఎగ్జిబిషన్‌లో స్టాల్ తీసుకుంటే ఎక్కడ దెబ్బతింటున్నాయో నాకు అర్థమైనంతవరకు రాస్తున్నా.

సమస్య: మూడు రోజుల్లో డబ్బా నిండా విజిటింగ్ కార్డులు వచ్చాయి, ఫోన్ చేస్తే ఒక్కరూ కొనేవాళ్ళు కారు.

కారణం: కార్డు వేస్తే లక్కీ డ్రా, పేరు రాస్తే సంచి అన్నారు కదా, అందుకే వచ్చారు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు, మోటార్లు అమ్మేవాళ్ళు, పక్క కంపెనీ డీలర్లు, రేటు కనుక్కుందామని వచ్చిన రైతులు అందరూ అదే డబ్బాలో ఉన్నారు, అందులో మిల్లు ఓనర్ ఎవరో ఇప్పుడు తేల్చలేరు.

అసలు ఎంతమందితో మాట్లాడగలరో ముందు లెక్క వేసుకోండి. స్టాల్ మూడు మీటర్లు బై మూడు మీటర్లు, మనుషులు ఇద్దరు, రోజుకి గట్టిగా మాట్లాడే టైమ్ ఆరు గంటలు. ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు పడితే కాగితం మీద 90 మంది వస్తారు గానీ, మధ్యలో ఖాళీలు, భోజనాలు పోగా అందులో సగం అయితే గొప్ప. కాబట్టి వందల పేర్లు టార్గెట్ పెట్టుకోకండి, రోజుకి నాలుగైదు నిజమైన ఎంక్వైరీలు చాలు.

పరిష్కారం: డ్రా తీసేయండి. ఒక చిన్న స్లిప్ పుస్తకం ప్రింట్ చేయించి, మాట్లాడుతూనే మీవాళ్ళే ఐదు విషయాలు రాయాలి: మిల్లు గంటకి ఎన్ని టన్నులు, ఇప్పుడు ధాన్యం ఎలా ఆరబెడుతున్నారు, కరెంటు లోడు ఎంత, షెడ్డు పక్కన ఖాళీ ఉందా, ఏ పంటకి కావాలి. ఆరోది అడగకుండా వదలొద్దు, నిర్ణయం ఎవరిది అని. కొడుకు వచ్చి అన్నీ కనుక్కుంటాడు, చెక్కు మీద సంతకం నాన్నగారిదో పార్ట్‌నర్లదో అవుతుంది. "నాన్నగారు కూడా ఒకసారి చూస్తే బాగుంటుందండి, రేపు వస్తారా?" అని అక్కడే అడిగితే తప్పేం లేదు.

ఉదాహరణకి ఒకాయన గంటకి నాలుగు టన్నుల మిల్లు, రోజుకి పది గంటలు ఆడిస్తాం, దాళ్వా ధాన్యం 22 శాతం తేమతో వస్తోంది, కల్లంలోనే ఆరబెడుతున్నాం అన్నాడనుకోండి. మిల్లాడించడానికి 14కి దింపాలి. టన్నుకి దాదాపు 93 కిలోల నీళ్ళు పోవాలి. గంటకి ఒక శాతం కంటే తొందరపడితే గింజ పగిలి నూక పెరుగుతుంది కాబట్టి బ్యాచ్‌కి ఎనిమిది గంటలు, ఎక్కించడం దించడం కలిపితే పది. అంటే 20 టన్నుల డ్రైయర్ రోజుకి రెండు బ్యాచ్‌లు లాగితే 40 టన్నులు, ఆయన మిల్లుకి దాదాపు సరిపోయింది. ఈ లెక్క ఆయన ముందే వేసి చూపిస్తే ఆయనే కుర్చీ లాక్కుని కూర్చుంటాడు, రేటు తర్వాత అడుగుతాడు. అదే గంటకి అర టన్ను మిల్లు అయితే ఈ మెషీన్ ఆయనకి దండగ, ఆ మాట మొహం మీదే మర్యాదగా చెప్పేయండి, ఇద్దరి టైమూ మిగులుతుంది.

సమస్య: మిల్లు ఓనర్లు స్టాల్ ముందు నుంచే వెళ్ళిపోతున్నారు.

కారణం: ముందు అడ్డంగా టేబులు, వెనకాల ఫోన్లు చూసుకుంటూ మనుషులు, బోర్డు మీద కంపెనీ పేరు తప్ప ఏం చేస్తారో లేదు.

పరిష్కారం: టేబులు పక్క గోడకి జరపండి. బోర్డు మీద "రైస్ మిల్లులకి ధాన్యం డ్రైయర్, 20 టన్నులు, ఊకతో నడుస్తుంది" అని దూరం నుంచి చదివేంత పెద్దగా రాయించండి. హాల్లో ఊక మంట పెట్టనివ్వరు, మొత్తం మెషీన్ ఎలాగూ పట్టదు, అందుకని కోసి లోపల కనిపించేలా చేసిన చిన్న మోడల్, దాని పక్కన ఒక మాయిశ్చర్ మీటర్, రెండు మూడు రకాల తేమ ఉన్న ధాన్యం గాలి చొరని డబ్బాల్లో పెట్టండి. మిల్లర్ గుప్పెడు తీసి కొరికి చూసి ఒక నంబర్ చెప్తాడు, మీటర్ పెట్టి చూపిస్తే అక్కణ్ణుంచి మాట దానంతట అదే నడుస్తుంది. ఇలాంటి పనికి ఉత్తవాళ్ళు ఆగరు, వడపోత సగం అక్కడే అయిపోతుంది.

సమస్య: వారం తర్వాత ఫోన్ చేస్తే "ఎవరండీ మీరు?" అంటున్నారు.

కారణం ఆలస్యమే. పరిష్కారం: ఏ రోజు స్లిప్పులు ఆ రాత్రే మూడు కట్టలు కట్టండి. ఈ పంటకే కావాలి, జాగా ఉంది, నిర్ణయం తీసుకునేవాళ్ళతోనే మాట్లాడాం అంటే మొదటి కట్ట, వాళ్ళకి మర్నాడు పొద్దున్నే వాట్సాప్‌లో ఆయన మిల్లు లెక్కే పంపి, వారంలోపు కొలతలకి మనిషిని పంపాలి. సార్వా కోత నవంబర్లో మొదలైతే ఫౌండేషన్, ఫిట్టింగ్, ట్రయల్ అన్నీ అక్టోబర్‌కి ముగియాలి కాబట్టి ఆర్డర్ వర్షాకాలం మొదట్లోనే ఖాయం కావాలి. ఆ టైమ్ దాటి వచ్చినవాళ్ళని సార్వా అని ఊరించకుండా దాళ్వాకి రాసి రెండో కట్టలో పెట్టండి, వాళ్ళకి డిసెంబర్‌లో మళ్ళీ ఫోన్ చేయాలి. మిగతావి మూడో కట్ట, ఒక్క థాంక్స్ మెసేజ్ చాలు.