నిలబెట్టిన ఇటుకల దారి: ఇటుకలు సగంలో అయిపోతే, ఇసుక చాలకపోతే

తోటలో వేసే ఇటుకల దారికి లెక్క తప్పడానికి ముఖ్య కారణం ఒకటే. ఇటుకను పడుకోబెడితే పైకి కనిపించే ముఖం వేరు, సన్నటి పక్క మీద నిలబెడితే కనిపించే ముఖం వేరు. ఇక్కడ 230 × 110 × 75 మిల్లీమీటర్ల ఇటుకతో 6 మీటర్ల పొడవు, సుమారు 1.2 మీటర్ల వెడల్పు ఉన్న దారిని తీసుకుందాం. మీ ఇటుక కొలత వేరైతే ముందు ఒక పది ఇటుకలు కొలిచి సగటు తీసుకోండి. ఒకే బట్టీ ఇటుకల్లో కూడా తేడా ఉంటుంది.

సమస్య: దారి 4.3 మీటర్ల దగ్గర ఆగింది, ఇటుకలు అయిపోయాయి

కారణం: పడుకోబెట్టిన ఇటుకకు లెక్క వేశారు. 5 మిల్లీమీటర్ల సందుతో కలిపి పడుకున్న ఇటుక 235 × 115 చోటు తీసుకుంటుంది, అంటే చదరపు మీటరుకు 37 ఇటుకలు. నిలబెట్టినది 235 × 80 మాత్రమే ఆక్రమిస్తుంది కాబట్టి 53 కావాలి. 6 × 1.17 మీటర్ల దారికి 37 చొప్పున, 5 శాతం అదనం కలిపి తెస్తే 273 వస్తాయి. ఒక్కటీ పగలకపోయినా అవి 54 వరసలకే సరిపోతాయి.

పరిష్కారం: చదరపు మీటర్లతో ఆపకుండా వరసలు లెక్కపెట్టండి. ఇటుక పొడవు దారికి అడ్డంగా ఉంటే, అయిదు ఇటుకలు, మధ్యలో నాలుగు సందులు కలిపి 1170 మిల్లీమీటర్లు. 1200 వెడల్పు పట్టుబడితే ప్రతి వరసలో 30 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. అంత సన్నటి ముక్క కోసినా నిలవదు. అందుకే వెడల్పునే 1170కి తగ్గించడం నా దృష్టిలో సరైన పని. పొడవున ఒక్కో వరస 80 మిల్లీమీటర్లు, 6000ను 80తో భాగిస్తే 75 వరసలు. 75 × 5 = 375. సందులు ఒకే గీతలో పడకుండా వరస మార్చి వరస సగం ఇటుకతో మొదలుపెడతాం కాబట్టి ముప్పై ఏడు దాకా ఇటుకలు కోయాలి, కొన్ని విరుగుతాయి. 400 తెచ్చుకుంటే టెన్షన్ ఉండదు. పక్కన అంచుకు కట్టే ఇటుకలు ఇందులో లేవు, అవి విడిగా లెక్కపెట్టాలి.

ఇప్పటికే ఆగిపోయి ఉంటే, మిగిలిన 21 వరసలకు 105 ఇటుకలు, విరిగేవాటికి మరో పది తెప్పించండి. ఉన్నవాటితో ముగిద్దామని చివర్లో పడుకోబెట్టి వేయకండి. అక్కడ ఎత్తు 35 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఆ తేడాను ఇసుకతో నింపితే ఆ భాగమే ముందు దిగబడుతుంది.

సమస్య: ఇసుక చాల్లేదు

కారణం రెండు చోట్ల ఉంటుంది. 6 × 1.17 × 0.05 అని గుణించి 0.35 ఘనమీటర్లు తెస్తారు. కానీ 50 మిల్లీమీటర్లు అనేది దిమ్మిస కొట్టాక మిగలాల్సిన మందం. వదులుగా పోసిన ఇసుక అణిగితే తగ్గుతుంది. రెండోది, సందులను మరిచిపోవడం. నిలబెట్టిన ఇటుకల సందు 110 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది, పైగా సందుల సంఖ్య కూడా ఎక్కువ.

పరిష్కారం: పొరకు పావు వంతు అదనం కలిపితే 0.44. సందులకు దాదాపు 0.06. మొత్తం అర ఘనమీటరు. పొరకు మట్టి లేని ముతక ఇసుక, సందులకు ఎండిన సన్న ఇసుక వాడాలి. తడి ఇసుక సందు పైనే గడ్డకట్టి, కింద ఖాళీ మిగుల్చుతుంది. చీపురుతో ఊడ్చి నింపి, ఇటుకల మీద చెక్క వేసి తట్టి, మళ్లీ నింపండి.

సమస్య: దారి నేల కంటే ఎత్తుగా లేచింది, లేదా నడిచే చోట గుంటలు పడ్డాయి

ఈ రెండూ తవ్వకంలో మొదలవుతాయి. ఇటుక 110, ఇసుక 50, కింద గట్టిగా కొట్టిన కంకర 100 కలిపి 260 మిల్లీమీటర్లు తవ్వాలి. తక్కువ తవ్వితే దారి లేస్తుంది. అప్పుడు చాలామంది కంకర పొరను తగ్గిస్తారు, దాంతో గుంటలు పడతాయి. ఎగుడుదిగుళ్లను ఇసుకతో సరిచేసినా అదే జరుగుతుంది, ఎందుకంటే ఇసుక మందంగా ఉన్నచోట ఎక్కువ అణుగుతుంది.

గుంట పడినచోట ఇటుకలు తీసి ఇసుకను సుత్తి పిడితో గుచ్చి చూడండి. పిడి 50 మిల్లీమీటర్ల కంటే బాగా లోతుకు దిగితే తప్పు కంకరది. ఇసుక తోడేసి, కంకరను సరైన ఎత్తుకు నింపి, దిమ్మిస కొట్టి, ఇసుకను బద్దతో సమంగా లాగి మళ్లీ వేయాలి. నీరు పోవడానికి ఒక పక్కకు 1170 వెడల్పు మీద 23 మిల్లీమీటర్ల వాలు ఇవ్వండి. ఆ వాలు కంకరలోనే ఇవ్వాలి, ఇసుకలో కాదు.

గుంటలు అంచుల దగ్గరే ఉంటే మాత్రం కంకరను తవ్వక్కర్లేదు. అంచు ఇటుకలు సిమెంటులో బిగించలేదు కాబట్టి ఇసుక పక్కకు జారుతోంది. అంచు కట్టి, ఆ రెండు మూడు వరసల చివరి ఇటుకలు మళ్లీ వేస్తే చాలు.