అమ్మానాన్నల సంరక్షణ కోసం పని వేళలు మార్చమని ఆఫీసుకు మెయిల్ ఎలా రాయాలి?

నాన్నకు డయాలసిస్ మొదలైన కొత్తలో మా మేనేజర్‌కు ఒక మెయిల్ పెట్టాను. నాన్న పరిస్థితంతా మూడు పేరాల్లో రాసి, చివర్లో "కొన్నాళ్లు పని వేళల్లో కాస్త వెసులుబాటు ఇవ్వగలరు" అన్నాను. పది నిమిషాల్లోనే జవాబు వచ్చింది: "తప్పకుండా, ముందు నాన్నగారిని చూసుకోండి." ప్రాణం లేచొచ్చింది. మూడో వారానికల్లా ఇద్దరికీ ఇబ్బంది మొదలైంది. ఆవిడ దృష్టిలో వెసులుబాటు అంటే ఉదయం ఓ గంట ఆలస్యంగా రావడం. నా దృష్టిలో మధ్యాహ్నం పన్నెండుకు మొదలుపెట్టడం. ఎవరూ మాట తప్పలేదు. నా మెయిల్‌లో ఒక్క టైమ్ కూడా లేదు, అంతే.

రెండోసారి రాసిన మెయిల్ పనిచేసింది. అది ఎలా తయారైందో వరసగా చెప్తాను.

ముందు రెండు వారాల టైమ్‌లు రాసిపెట్టుకోండి

డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు ఉంటుంది. నాన్నది సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం 6:30 షిఫ్టు. కాగితం మీద 10:30కి అయిపోవాలి. కానీ మెషిన్‌కు కనెక్ట్ చేసేసరికే ఇరవై నిమిషాలు పట్టేది. అయ్యాక సూదులు తీసి, రక్తం ఆగేదాకా అదిమిపట్టి, బీపీ చూసి, కళ్లు తిరగడం లేదని తేలాకే పంపేవారు. ఆరు రోజుల టైమ్‌లు రాసుకుంటే, బాగా ఆలస్యమైన రోజు ఇంటికి చేరింది 11:40కి. అందుకే నేను అడగాల్సింది పదకొండు కాదు, పన్నెండు అని తేలింది.

మీ ఇంట్లో అది ఫిజియోథెరపీ కావచ్చు, కేర్‌టేకర్ డ్యూటీ మారే సమయం కావచ్చు. అన్నీ సవ్యంగా జరిగిన రోజును చూసి షెడ్యూల్ వేయకండి. ఆలస్యమైన రోజును చూసి వేయండి. పదకొండు అని ఒప్పుకుని వారానికి రెండుసార్లు తప్పడం కంటే పన్నెండు అని నిలబెట్టుకోవడం నయం.

గంటలు కూడి చూడండి

మాది వారానికి 40 గంటల పని. ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30 వరకు, మధ్యలో గంట భోజనం. డయాలసిస్ రోజుల్లో మధ్యాహ్నం 12 నుంచి 7 వరకు ఇంటి నుంచి చేస్తే రోజుకు 7 గంటలు, మూడు రోజులకు 21. మంగళ, గురువారాల్లో ఆఫీసులో 8:30 నుంచి 7 వరకు ఉంటే, భోజనం గంట తీసేసి రోజుకు తొమ్మిదిన్నర, రెండు రోజులకు 19. మొత్తం 40.

ఇక్కడో విషయం హెచ్‌ఆర్‌ను ముందే అడగాలి: ఒక రోజులో తొమ్మిదిన్నర గంటలు చేస్తే ఓవర్‌టైమ్ కిందకు వస్తుందా అని. కొన్ని చోట్ల వస్తుంది. అలాంటప్పుడు రోజుకు అన్ని గంటలు చేయనివ్వకపోతే, వారంలో తగ్గిన గంటలను సెలవులో చూపిస్తారా, జీతంలో తగ్గిస్తారా అనేది తెలుసుకుని, అదే మెయిల్‌లో రాయాలి.

తర్వాత ఆ షెడ్యూల్‌ను టీమ్ పనివేళల పక్కన పెట్టి చూడండి. మాకు రోజూ పదింటికి మీటింగ్. వారానికి మూడు రోజులు నేను అందులో ఉండను. మేనేజర్ మనసులో మొదట వచ్చే ప్రశ్న అదే కాబట్టి జవాబు మన మెయిల్‌లోనే ఉండాలి. అలాగే ఇంట్లో ఉండి పని చేస్తానంటే "మరి అప్పుడు ఆయన్ని ఎవరు చూస్తారు?" అన్న ప్రశ్న కూడా వస్తుంది. మా ఇంట్లో అమ్మ ఉంటుంది, పైగా డయాలసిస్ అయ్యాక నాన్న అలసిపోయి పడుకునేవారు. నిజంగా చూసుకునే మనిషి లేకపోతే ఆ గంటలను పని గంటలుగా రాయకండి. ఒకేసారి రెండూ చేస్తానని మాటిస్తే ఆ టెన్షన్ మొత్తం మీ మీదే పడుతుంది.

మాట్లాడి, అదే రోజు మెయిల్ పెట్టండి

ఓ ఐదు నిమిషాలు మేనేజర్‌తో నేరుగా చెప్పి, ఆ వెంటనే మెయిల్ పంపడం మంచిది. ఆ మెయిల్‌ను వాళ్లు పై అధికారికో హెచ్‌ఆర్‌కో ఫార్వర్డ్ చేస్తారు. మీరెవరో తెలియని మనిషి చదివినా అర్థమయ్యేలా ఉండాలి. నేను పంపినది దాదాపు ఇలా ఉంది:

> సబ్జెక్ట్: పని వేళల మార్పు కోసం అభ్యర్థన – 6 వారాల ట్రయల్
>
> మేడమ్, నమస్కారం.
>
> ఉదయం మీతో మాట్లాడిన విషయమే రాస్తున్నాను. మా నాన్నగారికి సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం డయాలసిస్ ఉంటుంది. తీసుకెళ్లి తీసుకురావలసింది నేనే. అందుకని వచ్చే సోమవారం నుంచి 6 వారాల పాటు ఈ వేళల్లో పని చేయడానికి అనుమతి కోరుతున్నాను:
>
> సోమ, బుధ, శుక్ర: మధ్యాహ్నం 12 – సాయంత్రం 7, ఇంటి నుంచి
> మంగళ, గురు: ఉదయం 8:30 – సాయంత్రం 7, ఆఫీసులో (గంట భోజన విరామం)
>
> వారానికి మొత్తం 40 గంటలు, ఇప్పటిలాగే.
>
> సోమ, బుధ, శుక్రవారాల్లో పదింటి మీటింగ్‌కు నేను ఉండలేను. ముందు పని దినం సాయంత్రమే నా అప్‌డేట్ గ్రూపులో రాసి పెడతాను. ఆ రోజుల్లో మధ్యాహ్నం 12 లోపు ఏదైనా అత్యవసరమైతే చూడటానికి నా పక్క సీటు సహోద్యోగి ఒప్పుకున్నారు. పని వేళల్లో ఇంట్లో నాన్నగారిని అమ్మ చూసుకుంటారు.
>
> నాన్నగారి ఆరోగ్యం ఉన్నట్టుండి తేడా చేస్తే ఆ రోజుకు సెలవు పెట్టి, వెంటనే మీకు తెలియజేస్తాను.
>
> ఆరో వారం చివర్లో పని ఎలా సాగిందో కలిసి చూద్దాం. ఇందులో ఏదైనా మీకు కుదరదనిపిస్తే చెప్పండి, మార్చుకుంటాను. శుక్రవారం లోపు తెలియజేస్తే ఆసుపత్రి షెడ్యూల్ ఖాయం చేసుకుంటాను.

ఇందులో జబ్బు గురించి ఉన్నది ఒక్క వాక్యం. డయాలసిస్ అనే మాట ఎందుకుందంటే, ఆ మూడు రోజులూ ఆ టైమూ ఎందుకు కదపలేమో అది ఒక్కటే చెప్పేస్తుంది. రిపోర్టులు, క్రియాటినిన్ అంకెలు అక్కర్లేదు. అవి నాన్న సొంత విషయాలు, ఆ మెయిల్ ఎంతమంది చేతులు మారుతుందో మనకు తెలియదు. రుజువు అడిగితే డయాలసిస్ సెంటర్ ఇచ్చే షెడ్యూల్ కాగితం చాలు.

సహోద్యోగి పేరు చెప్పే ముందు వాళ్లను తప్పకుండా అడగండి. అడగకుండా రాస్తే అక్కడే పని చెడుతుంది.

జవాబు వచ్చాక

"సరే, చూద్దాం" అన్న జవాబును అనుమతి అనుకోవద్దు. "అయితే సోమవారం నుంచి ఈ వేళల్లో మొదలుపెడుతున్నాను" అని టైమ్‌లతో సహా తిరిగి ఒక్క లైను రాయండి. కుదరదంటే, ఏ రోజు, ఏ గంట అడ్డమొస్తోందో అడగండి. మాకు అడ్డమొచ్చింది సోమవారం ఒక్కటే, ఆ రోజు పదింటికి క్లయింట్ కాల్ ఉండేది. నేను సెంటర్ వాళ్లను అడిగితే మంగళ, గురు, శనివారాల షిఫ్టులో ఖాళీ లేదన్నారు. ఆ మాట మేడమ్‌తో చెప్తే, ఆవిడే క్లయింట్‌ను అడిగి కాల్‌ను మంగళవారానికి మార్పించారు.