సహోద్యోగి తప్పును రిప్లై ఆల్‌లో నొప్పించకుండా ఎలా సరిదిద్దాలి?

మీ టీమ్‌లో ఒకరు 200 మందికి మెయిల్ పెట్టారనుకుందాం: "కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారడానికి ఆఖరి తేదీ 18." షెడ్యూల్‌లో ఉన్నది 15. అది చూడగానే చెయ్యి రిప్లై ఆల్ మీదికి వెళ్తుంది. కాస్త ఆగండి.

ముందు ఈ తప్పు వల్ల ఎవరికైనా పని చెడుతుందా అని చూసుకోండి. అక్షరదోషమైతే ఆయనకు విడిగా చెబితే చాలు. తేదీ అలా కాదు. 18 దాకా ఆగినవాళ్లకు పాత లాగిన్ పనిచేయదు, కాబట్టి అందరికీ తెలియాలి.

అయినా మొదటి మెసేజ్ ఆయనకే వెళ్లాలి, అదీ చాట్‌లోనో ఫోన్‌లోనో. "మెయిల్‌లో 18 అని పడిందండీ, షెడ్యూల్‌లో 15 ఉంది. ఒకసారి చూస్తారా? మీరే సవరణ పంపితే బాగుంటుంది." తన తప్పు తనే దిద్దుకుంటే అది మామూలు సవరణ. ఇంకొకరు దిద్దితే అందరి ముందు దొరికిపోయినట్టు ఉంటుంది. పైగా తేదీ నిజంగానే మారి, ఆ సంగతి మీకే తెలియకపోవచ్చు కూడా. గడువుకు రోజులుంటే ఓ గంట ఆగండి, ఇవాళే అయితే పది నిమిషాలు చాలు.

జవాబు రాకపోతే, "గడువు దగ్గరపడింది, నేనే సవరణ పంపుతున్నాను" అని ఆయనకు ఒక మాట చెప్పి అప్పుడు రాయండి:

"అందరికీ నమస్కారం. సాఫ్ట్‌వేర్ మార్పుకు ఆఖరి తేదీ 15, సాయంత్రం 5 గంటలు. కింది మెయిల్‌లో 18 అని ఉంది, దయచేసి 15గా చదువుకోండి. మిగతా వివరాల్లో మార్పు లేదు."

ఇందులో సరైన తేదీ ముందు వచ్చింది, ఎవరి పేరూ రాలేదు. చివరి వాక్యాన్ని మాత్రం వదలొద్దు. అది లేకపోతే ఆయన రాసిన మిగతాదంతా జనం అనుమానంగా చూస్తారు. సబ్జెక్ట్‌లో "సవరణ: ఆఖరి తేదీ 15" అని చేర్చండి.

చాలామంది మెత్తగా చెప్పాలని "బహుశా 15 ఏమో, నేనే పొరబడ్డానేమో" అని రాస్తారు. అప్పుడు 200 మందికీ రెండు తేదీల్లో ఏది నమ్మాలో తెలియదు, మళ్లీ ప్రశ్నలు మొదలవుతాయి. మెత్తదనం మనిషి విషయంలో ఉండాలి, తేదీ విషయంలో కాదు. "నేను ముందే చెప్పినట్టు" అన్న మాట కొట్టేయండి, అది గుచ్చుతుంది. మేనేజర్‌ను కొత్తగా సీసీలో చేరిస్తే ఫిర్యాదు చేసినట్టే.

ఆ తర్వాత ఎవరైనా "ఇలాంటి తప్పులు ఎలా జరుగుతాయి?" అని అందరికీ రాస్తే, "తేదీ సరిచేశాం, ఇంకేదైనా సందేహం ఉంటే నాకు విడిగా రాయండి" అని ఒక్కసారి జవాబిచ్చి ఆపేయండి.