మాడ్, ఫ్లోర్ ఉన్న లిమిట్‌ని రెండు వైపుల నుంచీ ఎలా చూడాలి?

అక్కయ్యపాలెంలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతుంటాను. లిమిట్స్ మొదలుపెట్టిన వారంలోనే ఎవరి నోట్‌బుక్ తిరగేసినా ఒకటే తప్పు కనిపిస్తుంది. ఎడమ లిమిట్ అని రాసి, కింద ఏదో ఒక సంఖ్య వేసి, కుడి లిమిట్ అని రాసి మళ్లీ అదే సంఖ్య వేస్తారు. మధ్యలో ఏం జరిగిందో వాళ్లకీ తెలీదు. అందుకే ఇది రాస్తున్నాను.

కావలసినవి పెన్సిల్, తెల్ల కాగితం. కాలిక్యులేటర్ దూరంగా పెట్టండి, ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు, రెండు వైపులా చూడాల్సిన అవసరం ఉందో లేదో తేల్చుకోండి

మాడ్ గీతల మధ్య ఉన్నది ఆ బిందువు దగ్గర సున్నా అవుతోందా? ఫ్లోర్ బ్రాకెట్ లోపల ఉన్నది ఆ బిందువు దగ్గర సరిగ్గా పూర్ణాంకం అవుతోందా? రెండూ కాకపోతే ఆ గుర్తుల వల్ల ప్రమాదమేమీ లేదు. x→3 అయినప్పుడు |x − 5| లిమిట్ 2. x→1.5 అయినప్పుడు [x] లిమిట్ 1. నేరుగా ప్రతిక్షేపించి ముందుకెళ్లండి.

ఇక్కడ [x] అంటే x కన్నా పెద్దది కాని పూర్ణాంకాల్లో అన్నిటికన్నా పెద్దది. కాలేజీలో దీన్నే గ్రేటెస్ట్ ఇంటిజర్ ఫంక్షన్ అంటారు. ఈ చదరపు బ్రాకెట్ 1808లో గాస్ వాడినది. ఫ్లోర్ అనే పేరు, ⌊x⌋ అనే గుర్తు 1962లో కెనెత్ ఐవర్సన్ తెచ్చాడు. నన్నడిగితే ఐవర్సన్ గుర్తే మేలు. మామూలు బ్రాకెట్ అనుకుని విప్పేసే ప్రమాదం ఉండదు. కానీ మన పరీక్షల్లో చదరపు బ్రాకెట్టే వస్తుంది కాబట్టి నేనూ అదే రాస్తున్నాను.

x స్థానంలో h పెట్టండి

బిందువు a అయితే ఎడమ వైపుకి x = a − h, కుడి వైపుకి x = a + h. రెండు చోట్లా h ధన సంఖ్యే. పక్కనే "h > 0, చాలా చిన్నది" అని రాయాలి. రాయకపోతే నేను మార్కు తీసేస్తాను.

కొందరు ట్యూషన్లలో 1.9, 1.99 వేసి చూడమంటారు. నాకది అస్సలు గిట్టదు. x→0+ అయినప్పుడు [20x] చూడండి. 0.1 దగ్గరదే కదా అని వేస్తే [2], అంటే 2 వస్తుంది. అసలు లిమిట్ సున్నా. h విలువ 1/20 కన్నా చిన్నదైతేనే 20h ఒకటి లోపు ఉంటుంది. "దగ్గర" అంటే ఎంత దగ్గరో ఫంక్షన్ చెబుతుంది, మీరు కాదు. h రాసుకుంటే ఆ షరతు కాగితం మీద కనిపిస్తుంది. 0.1 వేస్తే కనిపించదు.

మాడ్ విప్పడం

ఇది తేలికే, కానీ "ఎడమ అంటే మైనస్" అని బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే పడతారు. x = 2 − h అయితే x − 2 = −h. మాడ్ పెడితే |−h| = h. ధన సంఖ్యే వచ్చింది. మాడ్ నుంచి మైనస్ బయటికి రావడం అనేది జరగదు. గుర్తు మారేది మాడ్ లేని (x − 2) లో. పైగా |3 − x| లాంటిదాంట్లో 3కి ఎడమ వైపే లోపలిది ధనం. కాబట్టి ఎడమా కుడీ చూసి గుర్తు వేయకండి, లోపల ఏముందో చూసి వేయండి.

అసలు గండం: ఫ్లోర్ లోపలికి ఏ వైపు నుంచి వస్తోంది?

ఇక్కడ నెమ్మదించాలి.

సింహాచలం మెట్లు ఎక్కినవాళ్లకి [x] గ్రాఫ్ బొమ్మ గీసి చూపించక్కర్లేదు. ప్రతి మెట్టూ అడ్డంగా, ఒకే ఎత్తులో ఉంటుంది. 2 నుంచి 3 లోపు ఎక్కడున్నా ఎత్తు 2. ఎడమ అంచు మెట్టులో భాగం, అక్కడ నిండు చుక్క పెడతాం. కుడి అంచు కాదు, అక్కడ ఖాళీ చుక్క. అందువల్ల 2కి ఎంత దగ్గరగా ఎడమ నుంచి వచ్చినా మీరింకా కింది మెట్టు మీదే ఉన్నారు. [2 − h] = 1. కుడి నుంచి వస్తే పై మెట్టు, [2 + h] = 2.

రుణ సంఖ్యలు వస్తే మరీ జాగ్రత్త. [−0.3] అంటే −1, సున్నా కాదు. దశాంశం కోసేయడం ఫ్లోర్ కాదు, కిందికి దిగడం ఫ్లోర్. బీటెక్‌లో చేరిన నా పాత విద్యార్థి ఒకడు పైథాన్‌లో చూశానని, సున్నానే వచ్చిందని వాదించాడు. వాడు వాడింది వేరే ఫంక్షన్.

```python
import math
int(-0.3)         # 0
math.floor(-0.3)  # -1
```

ఇంతవరకూ చాలామందికి వస్తుంది. రానిది ఇది: x ఎడమ నుంచి వస్తే బ్రాకెట్ లోపలిది కూడా ఎడమ నుంచే వస్తుందని ఊహించేయడం. x→2 అయినప్పుడు [5 − x] తీసుకోండి. ఎడమ వైపు 5 − (2 − h) = 3 + h. లోపలిది 3 కన్నా పైన ఉంది, కాబట్టి ఎడమ లిమిట్ 3. కుడి వైపు 5 − (2 + h) = 3 − h, లిమిట్ 2. x ఎడమ నుంచి నడుస్తుంటే లోపలిది పై నుంచి దిగుతోంది. ఫ్లోర్‌కి కావలసింది x ఎటు నుంచి వస్తోందన్నది కాదు, లోపలిది పూర్ణాంకానికి పైన ఉందా కింద ఉందా అన్నదే.

ఒక్కోసారి లోపలిది రెండు సార్లూ ఒకే వైపు నుంచి వస్తుంది. x→2 అయినప్పుడు [x² − 4x + 7] చూడండి. 2 వేస్తే లోపల 3, పూర్ణాంకం, కాబట్టి అనుమానించాలి. x = 2 − h పెట్టి విప్పితే 4 − 4h + h² − 8 + 4h + 7, అంటే 3 + h². కుడి వైపు కూడా 3 + h² వస్తుంది. రెండు వైపులా 3కి పైనే, కాబట్టి లిమిట్ 3. అదే x→0 అయినప్పుడు [4 − x²] అయితే రెండు వైపులా 4 − h², లిమిట్ 3. సరిగ్గా సున్నా దగ్గర విలువ మాత్రం 4. దాన్ని చూసి కంగారుపడకండి. బీచ్ రోడ్డులో కురుసురా సబ్‌మెరైన్ దగ్గరికి కోస్టల్ బ్యాటరీ వైపు నుంచి రావచ్చు, లాసన్స్ బే వైపు నుంచీ రావచ్చు. రెండు దారులూ ఒకే చోటికి చేరుస్తున్నాయా అన్నదే లిమిట్. చేరాక గేటు తీసి ఉందా, తాళం వేసి ఉందా అన్నది వేరే సంగతి.

[sin x / x] కూడా ఈ జాతిదే. x సున్నాకి వెళ్తే sin x / x ఒకటికి వెళ్తుంది, కానీ సున్నా పక్కన రెండు వైపులా ఒకటికి కిందే ఉంటుంది. అందుకని ఫ్లోర్ వేసిన తర్వాత లిమిట్ 0. కాలిక్యులేటర్ పక్కన పెట్టమన్నది ఇందుకే. రేడియన్లలో x = 0.00001 వేస్తే పది అంకెల తెర మీద 1 అనే కనిపిస్తుంది. ఒకటికి తక్కువైన ముక్క తెర మీద పట్టనంత చిన్నది, జవాబు మొత్తం ఆ ముక్క మీదే ఆధారపడి ఉంది.

ఇంకో తప్పు, [x²] ని [x]² గా చదవడం. 2కి ఎడమన [x]² అంటే 1. [x²] అంటే [4 − 4h + h²], h చిన్నదైతే 4కి కాస్త కింద, కాబట్టి 3. ఫ్లోర్ ఎప్పుడూ చివర్లో వేయాలి. లోపలి లెక్కంతా h లో తేల్చాకే బ్రాకెట్ ముట్టుకోండి.

ఒక లెక్క మొత్తం

x→2 అయినప్పుడు

f(x) = [x] − |x − 2| / (2(x − 2))

ఎడమ వైపు x = 2 − h, 0 < h < 1. [2 − h] = 1. మాడ్ h, హారం 2(−h), కాబట్టి భిన్నం −1/2. f = 1 − (−1/2) = 3/2.

కుడి వైపు x = 2 + h, 0 < h < 1. [2 + h] = 2. మాడ్ h, హారం 2h, భిన్నం 1/2. f = 2 − 1/2 = 3/2.

రెండూ 3/2. లిమిట్ ఉంది, 3/2. సరిగ్గా 2 దగ్గర హారం సున్నా కాబట్టి f(2) లేదు, అయినా లిమిట్‌కి ఏ ఇబ్బందీ లేదు.

ఈ లెక్క చేయించిన రోజు వెనక బెంచీ పిల్ల లేచి, "ఏటి సార్, విడివిడిగా రెండింటికీ లిమిట్ లేదు కదా, కలిపితే ఎలా వస్తాది?" అంది. మంచి ప్రశ్న. [x] ఒక మెట్టు పైకి దూకింది. భిన్నం −1/2 నుంచి 1/2కి, అది కూడా సరిగ్గా ఒక మెట్టు. మనం తీసేస్తున్నాం కాబట్టి రెండు దూకుళ్లూ రద్దయ్యాయి. "విడివిడిగా లేవు కాబట్టి మొత్తానికీ లేదు" అనే సూత్రం ఎక్కడా లేదు. లిమిట్ల కూడిక, తీసివేత సూత్రం విడివిడిగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. లేనప్పుడు అది ఏమీ చెప్పదు. మళ్లీ h పెట్టి మొత్తంగా చేసుకోవాల్సిందే.

ఒక వైపు ఫంక్షనే లేకపోతే

x→2 అయినప్పుడు |x − 2| / ([x] − 2) ఇచ్చి చూడండి, క్లాసులో సగం మంది సున్నా అంటారు. ఎడమ వైపు హారం 1 − 2 = −1, భిన్నం −h, ఎడమ లిమిట్ నిజంగానే సున్నా. కుడి వైపు [2 + h] − 2 అంటే అచ్చంగా సున్నా. సున్నాకి దగ్గరవడం కాదు, సున్నాయే. 2 నుంచి 3 లోపు ఎక్కడా ఈ ఫంక్షన్ నిర్వచితం కాదు, కాబట్టి కుడి లిమిట్ అనే మాటే రాదు. అక్కడ అనంతం అని రాసేవాళ్లున్నారు, అదీ తప్పే. నా విద్యార్థులు రాయాల్సింది "ఎడమ లిమిట్ 0, 2కి కుడి పక్కన ఫంక్షన్ నిర్వచితం కాదు, కాబట్టి కుడి లిమిట్ లేదు" అని. 2కి ఒక పక్కనే ఫంక్షన్ ఉన్నప్పుడు ఎడమ లిమిట్‌నే మొత్తం లిమిట్‌గా తీసుకునే పుస్తకాలూ ఉన్నాయి. అందుకే ప్రశ్నలో ఏ వైపు అడిగారో రెండుసార్లు చదివి, మీకు దొరికింది ఎడమ లిమిట్ అయితే ఎడమ లిమిట్ అనే రాయండి.